కవలలకు జత పేర్లు: కలపండి, కానీ ఒక్క చోటే

ప్రశ్న: మాది అనంతపురం. పది రోజుల కిందట మాకు కవల ఆడపిల్లలు పుట్టారు. ఇద్దరికీ మధ్య ఏడు నిమిషాలే తేడా. పునర్వసు మూడో పాదం, "హా" అక్షరం వచ్చిందని అయ్యవారు చెప్పారు. ఇంట్లో అందరూ హారిక, హారిణి అంటున్నారు. మా అమ్మకేమో కదిరి నరసింహస్వామి పేరు కలవాలని ఉంది. పేర్లు కలిస్తే నాకూ ఇష్టమే కానీ ఇది మరీ సెట్టులాగా, డబ్బాల మీద అంటించిన లేబుళ్ళలాగా వినిపిస్తోంది. 21వ రోజు పేరు పెట్టాలి. ఎలా ఎంచుకోమంటారు?

జవాబు:

పేర్లు కలపండి నాయనా, తప్పేం లేదు. కానీ ఒక్క చోటే కలపండి. మొదలు కలిస్తే చివర వేరుగా ఉండాలి, చివర కలిస్తే మొదలు వేరుగా ఉండాలి. ఇంకో మాట, మొదటి రెండక్షరాలూ ఎట్టి పరిస్థితిలోనూ ఒకటి కాకూడదు. నక్షత్రం వల్ల మీకు మొదటి అక్షరం ఎటూ కలిసిపోయింది. ఇక మిగతాదంతా విడగొట్టుకోవాలి. ఆ లెక్కన హారిక, హారిణి వద్దు. నన్నడిగితే హంస, హరిణి అని పెట్టుకోండి. ఇవి మీకు నచ్చకపోయినా పర్వాలేదు, ఎలా ఎంచానో చెబుతాను, అదే పద్ధతిలో మీరే వేరేవి ఎంచుకోవచ్చు.

నేను కడప జిల్లా హైస్కూళ్ళలో 31 ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. రోజూ పొద్దున్నే రిజిస్టరు తెరిచి పేర్లు పిలవడమే పని కాబట్టి ఏ పేరు పిలవడానికి బాగుంటుందో, ఏ రెండు పేర్లు ఒకదాన్నొకటి మింగేస్తాయో చెవికి అలవాటైపోయింది. బంధువుల్లో, వీధిలో బిడ్డ పుడితే పేరు కోసం నా దగ్గరికి రావడం అప్పట్నుంచే మొదలైంది.

ఒకసారి తొమ్మిదో తరగతిలో కవల ఆడపిల్లలు ఉండేవాళ్ళు. వాళ్ళ పేర్లు మార్చి చెబుతున్నాను, కీర్తన, కీర్తి అనుకోండి. రిజిస్టరులో చూస్తే చక్కగా వేరు వేరు పేర్లే. కానీ మనవాళ్ళు పేరు పూర్తిగా పిలవరు కదా. రెండక్షరాలు దాటితే మొదటి రెండు పట్టుకుని మిగతాది వదిలేస్తారు. కీర్తన కూడా ఇంట్లో కీర్తే, అసలు కీర్తి ఎటూ కీర్తే. వరండాలో నిలబడి "కీర్తీ" అంటే ఇద్దరూ వెనక్కి తిరిగేవాళ్ళు. హాజరు పిలిస్తే ఒక పేరుకి రెండు గొంతులు "ప్రెజెంట్ టీచర్" అనేవి, క్లాసంతా నవ్వేది.

నవ్వులదేముంది, పోతాయి. ఆ ఏడు యూనిట్ టెస్టు మార్కులు లెడ్జరులోకి ఎక్కించేటప్పుడు ఒకరివి ఒకరికి పడ్డాయి. వాళ్ళ ఇంటిపేరు ఒకటే, తండ్రి పేరు ఒకటే, పుట్టిన తేదీ ఒకటే. అకారాది క్రమంలో రాస్తే పేర్లు కూడా ఒకదాని కింద ఒకటే. రాసేవాళ్ళ స్కేలు ఒక్క గీత కిందికి జారింది, అంతే. లెక్కల్లో ఎప్పుడూ ముప్పై దాటని పిల్లకి డెబ్బై పైన కనపడేసరికి నాకు అనుమానం వచ్చి పేపర్లు తీయించాను. దొరికింది కాబట్టి సరిపోయింది. ఇద్దరికీ మార్కులు దగ్గరదగ్గరగా వచ్చి ఉంటే ఆ తప్పు ఎవరికీ కనిపించేదే కాదు.

ఆ తర్వాత పిల్లలే ఒక దారి కనిపెట్టారు. రెండోదాన్ని "చిన్న కీర్తి" అనడం మొదలుపెట్టారు. పది నిమిషాలు ఆలస్యంగా పుట్టినందుకు ఆ పిల్ల జీవితాంతం చిన్నదైపోయింది. దాని నోటుబుక్కు అట్ట మీద ఎవరో "చిన్న" అని రాస్తే, కాగితం చిరిగిపోయేంతగా పెన్నుతో కొట్టేసి ఉండేది. ఆ అట్ట నాకిప్పటికీ గుర్తుంది. లేబుల్ అని మీరన్న మాట అందుకే నాకు వెంటనే తగిలింది.

మన సీమలో ఈ సంగతి కొత్తదేమీ కాదు. మా నాన్నా, ఆయన తమ్ముళ్ళు ఇద్దరూ, ముగ్గురూ సుబ్బరాయుళ్ళే. మా అవ్వ మొక్కు అది. పెద్ద సుబ్బరాయుడు, నడిపి సుబ్బరాయుడు, చిన్న సుబ్బరాయుడు. ఇలాంటి ఇళ్ళు మీ వైపూ ఉంటాయి, పెద్ద ఓబులేసు, చిన్న ఓబులేసు, పెద్ద నాగన్న, నడిపి నాగన్న అని. ఊళ్ళో కొన్నాళ్ళకి సుబ్బరాయుడు అన్న మాటే రాలిపోయింది. "పెద్దోడు", "నడిపోడు", "చిన్నోడు" మిగిలాయి. పేరు పోయి వరస నంబరు మిగిలిందన్నమాట. మా చిన్నాన్నకి డెబ్బై ఏళ్ళొచ్చినా ఊరికి చిన్నోడే. ఒకచోట భూమి కాగితంలో "చిన్న" అన్న మాట రాయడం మరిచిపోయారు. ఆ పొలం ముగ్గురు సుబ్బరాయుళ్ళలో ఎవరిదో తేల్చడానికి మా ఇంట్లో రెండేళ్ళు తిరిగారు.

కాబట్టి నేను పేర్లని చూసేది ఇలాగ. ఒక పేరు వినగానే "రెండోది ఏది?" అని ఎదుటివాళ్ళకి అడగాలనిపిస్తే అది లేబుల్. దానంతట అది నిలబడితే పేరు. మీ పిల్లలు ఇరవై ఏళ్ళకి వేరే వేరే ఊళ్ళలో ఉంటారు. అక్కడ ఒక పేరు ఒంటరిగానే తిరగాలి.

అక్షరం సంగతి ముందు తేల్చుకుందాం

కవలల పేర్లు ఒకే అక్షరంతో మొదలవడం మన దగ్గర ఎందుకంత ఎక్కువో చాలామంది ఆలోచించరు. ఏదో సరదాకి పెట్టారనుకుంటారు. కారణం పంచాంగం. చంద్రుడు ఒక నక్షత్రం దాటడానికి సుమారు ఒక రోజు పడుతుంది, అందులో నాలుగు పాదాలు, అంటే ఒక పాదం సుమారు ఆరు గంటలు. ఏడు నిమిషాల తేడాతో పుట్టిన పిల్లలు సరిగ్గా పాదం మారే వేళకి పుడితే తప్ప ఒకే పాదంలో పడతారు. పునర్వసుకి కే, కో, హా, హీ. మీకు మూడోది పడింది, ఇద్దరికీ "హా". రెండో బిడ్డకి ఇంకో అక్షరం వచ్చే అవకాశమే లేదు.

అయితే ఈ అక్షరాన్ని ఉక్కుసంకెల అనుకోనక్కర్లేదు. ఆర్ద్ర మూడో పాదానికి "ఙ", హస్త మూడో పాదానికి "ణ" అని ఉంటుంది. ఙ తో పేరు పెట్టుకున్న మనిషిని నేనింతవరకు చూడలేదు. అక్కడ అయ్యవార్లే సర్దుబాటు చేసి దగ్గరి అక్షరం ఇస్తారు. మామూలుగా హ్రస్వం, దీర్ఘం తేడా కూడా పట్టించుకోరు, "హా" వస్తే "హ" కూడా చెల్లుతుంది. ఈ చిన్న వెసులుబాటే మీకు ప్రాణం పోస్తుంది. "హా" మాత్రమే అంటే హారిక, హాసిని, హారిణి, ఇక అయిపోయింది. "హ" కూడా కలిపితే హంస, హరిణి, హర్షిత, హరిప్రియ, హరిచందన దాకా వస్తాయి. మీ అయ్యవారిని ఈ ఒక్క మాట ముందే అడిగేసుకోండి.

ఇంకో దారి కూడా ఉంది. నక్షత్రం పేరు చెవిలో చెప్పి, పిలిచే పేరు వేరుగా పెట్టుకోవడం. పాత కాలం నుంచీ ఉన్నదే. మీ అమ్మగారు ఒప్పుకుంటే ఆ దారి అన్నిటికన్నా సుఖం.

పిలిచి చూడండి, రాసి చూడకండి

జత పేర్లలో మోసం ఎక్కడుందంటే, కాగితం మీద అవి ముద్దుగా ఉంటాయి. తేడా తెలిసేది కేకలో. దూరం నుంచి పిలిచినప్పుడు మనం చివరి అచ్చుని సాగదీస్తాం. హారికా, హాసినీ, హంసా. అలా సాగదీసినప్పుడు హల్లులు గాలికి పోతాయి, చెవికి చేరేది అచ్చులే. హర్ష, వర్ష అని అన్నదమ్ములకి పెట్టారనుకోండి, మిద్దె మీద నుంచి పిలిస్తే రెండూ "అ... ఆ" అనే వినపడతాయి. కాగితం మీద మొదటి అక్షరం తేడా ఉంది, కేకలో ఆ అక్షరమే ముందు ఎగిరిపోతుంది.

మీ పేర్లని ఇలా విప్పి చూద్దాం. హారికా అంటే ఆ, ఇ, ఆ. హారిణీ అంటే ఆ, ఇ, ఈ. హాసినీ అన్నా ఆ, ఇ, ఈ. అంటే హారిణి, హాసిని కేకలో ఒకే పేరు. హారిక, హారిణి చివరి అచ్చు దగ్గర మాత్రం విడిపోతాయి, కానీ అక్కడిదాకా పిలిచేవాళ్ళెవరు? "హారీ" అని ఆపేస్తారు. కీర్తి కథే మళ్ళీ మొదలవుతుంది.

ఇప్పుడు హంసా, హరిణీ. ఒకటి రెండు దెబ్బల్లో అయిపోతుంది, ఇంకోటి మూడు దెబ్బలు. ఒకటి "ఆ" మీద ఆగుతుంది, ఇంకోటి "ఈ" మీద. హంసని ఇంకా కుదించలేరు. హరిణిని కుదిస్తే "హరి" అవుతుంది, అప్పుడు కూడా హంసకి దగ్గరగా రాదు. మొదటి "హ" తప్ప ఏదీ కలవదు, ఆ ఒక్కటే కలవాల్సింది.

నేను చెప్పే పరీక్ష ఇది. ఒక మనిషిని దొడ్డి చివర నిలబెట్టండి. మీరు మిద్దె మీదికెక్కి రెండు పేర్లనీ కలగాపులగంగా పదిసార్లు పిలవండి. ఏ పేరు పిలిచారో అక్కడున్న మనిషి చెప్పాలి. పదికి పదీ సరిగ్గా చెప్పాలి. ఒక్క తప్పొచ్చినా ఆ జత వద్దు. మా తమ్ముడి మనవలకి ఇలాగే చేశాం. వాళ్ళు అనుకున్న రితేష్, హితేష్ జతకి పదిలో నాలుగు తప్పులొచ్చాయి. మా మరదలు "ఎవుర్ని పిల్చేది నువ్వు, గొంతు సరిగ్గా తెరువు" అని కింది నుంచి నా మీదే అరిచింది.

ప్రాస వద్దంటే ఏం కలపాలి? యతి కలపండి

ఇది తెలుగు టీచరుగా నా సొంత చిట్కా. ప్రాస అంటే మన ఛందస్సులో పాదాల్లో రెండో అక్షరం ఒకటిగా రావడం, జనం నోట్లో ప్రాస అంటే చివర కలవడం. ఏదైనా చెవికి కొట్టినట్టు తెలిసిపోతుంది. యతి అలా కాదు. పద్యపాదంలో మొదటి అక్షరానికీ మధ్యలో ఒక స్థానంలో వచ్చే అక్షరానికీ స్నేహం కుదిరితే చాలు, అదే అక్షరం కానక్కర్లేదు. క, ఖ, గ, ఘ ఒక జట్టు. ప, ఫ, బ, భ ఒక జట్టు. చ, ఛ, జ, ఝ, శ, ష, స ఒక జట్టు. అచ్చుల్లో అ, ఆ, ఐ, ఔ ఒక జట్టు, ఇ, ఈ, ఎ, ఏ ఒకటి, ఉ, ఊ, ఒ, ఓ ఒకటి. హల్లు జట్టూ అచ్చు జట్టూ రెండూ కుదరాలి.

దీన్ని పేర్లకి వాడి చూడండి. కావ్య, గౌతమి. క, గ ఒక జట్టు, ఆ, ఔ ఒక జట్టు, యతి కుదిరింది. అన్నాచెల్లెళ్ళకైతే జీవన్, చేతన. జ, చ కలిశాయి, ఈ, ఏ కలిశాయి. విన్నవాళ్ళకి ఈ రెండు పేర్లూ ఒకింటివే అనిపిస్తుంది, ఎందుకో చెప్పలేరు. ఒకదాన్ని విని రెండోది ఊహించడం ఎవరివల్లా కాదు.

నా ఇద్దరు కూతుళ్ళకీ ఇలాగే పెట్టాను. పెద్దది శ్రావణి. రెండోది పుట్టాక మా ఆయన శ్రావ్య అన్నారు, వాళ్ళమ్మ కూడా అదే పట్టు. నేను సంధ్య అన్నాను. శ, స ఒక జట్టు, ఆ, అ ఒక జట్టు. "పద్యంలో కుదిరింది, ఇంట్లో కుదరదా" అని నేను వాదిస్తే ఆయనకి ఛందస్సు అర్థం కాక ఒప్పుకున్నారనుకుంటా. ఇన్నేళ్ళలో ఎవరూ ఒకర్ని ఒకరి పేరుతో పిలవలేదు. నేను పిలిచాను, కోపమొచ్చినప్పుడు. దానికి ఏ పేరు పెట్టినా మందు లేదు.

మీ "హ" కి కూడా జట్టుంది. అ, య, హ ఈ మూడూ యతిలో స్నేహితులు. ఒక బిడ్డకి నక్షత్రం అక్షరం వదులుకోవడానికి ఇంట్లో ఒప్పుకుంటే హంస, అనన్య అని కానీ హరిణి, యశోద అని కానీ పెట్టుకోవచ్చు. ఒప్పుకోకపోతే బలవంతం చేయకండి. ఒక బిడ్డకి నక్షత్రం పేరు, ఇంకో బిడ్డకి మామూలు పేరు అంటే రేపు ఆ రెండో బిడ్డకి జ్వరమొచ్చిన ప్రతిసారీ పేరు మీదికి పోతుంది.

అర్థంతో కలిపేటప్పుడు

అర్థం కలపడం మంచిదే కానీ అక్కడ ఇంకో గుంట ఉంది. కొన్ని జతల్లో ఒకరు ముందు, ఒకరు వెనక అని ముందే రాసిపెట్టి ఉంటుంది. రామ్, లక్ష్మణ్ అన్న జత నా క్లాసుల్లో చాలాసార్లు వచ్చింది. లక్ష్మణుడు ఒక్కడే వస్తే చాలు, "మీ రాముడేడిరా?" అని అడగని మనిషి లేడు. రాముణ్ణి మాత్రం ఎవరూ తమ్ముడి గురించి అడగరు. లక్ష్మి, సరస్వతి అని పెడితే సరస్వతికి మార్కులు తగ్గిన రోజున "పేరుకే సరస్వతి" అన్న మాట తప్పదు. అక్కకి మార్కులు ఎన్నొచ్చినా ఆ మాట పడదు, దాని పేరు లక్ష్మి కాబట్టి.

పురాణాల్లో కవలల్ని చూస్తే మనకన్నా వాళ్ళే తెలివిగా పెట్టారనిపిస్తుంది. రామాయణంలో కవలలు రామలక్ష్మణులు కాదు, సుమిత్ర కొడుకులు లక్ష్మణుడు, శత్రుఘ్నుడు. ఆ పేర్లలో ఎక్కడైనా ప్రాస ఉందా? పైగా ఒకడు రాముడి వెంట, ఒకడు భరతుడి వెంట తిరిగారు. నకులుడు, సహదేవుడు కూడా అంతే. లవకుశులు మాత్రం జత పేర్లే, పుట్టగానే దర్భతో రక్ష పెట్టినప్పుడు వచ్చినవి. అందులో ముందు పుట్టినవాడు కుశుడు. కానీ మన నోటికి "లవకుశ" అనడమే సుళువు కాబట్టి చిన్నవాడు ముందుకొచ్చేశాడు. ఇది మీ ఇంట్లోనూ జరుగుతుంది. రెండు పేర్లనీ కలిపి గబగబా పలికి చూడండి. నోటికి ఏది ముందొస్తే ఊరంతా ఆ బిడ్డనే పెద్దది అనుకుంటారు. హంస, హరిణి అన్నది సాఫీగా పోతుంది, హరిణి, హంస అంటే కాస్త తడబడుతుంది. కాబట్టి ముందు పుట్టినదానికి హంస అని పెట్టండి.

హంస పక్షి, హరిణి అంటే ఆడలేడి, అర్థం కూడా కలిసింది కదా, ఒక్క చోటే అన్నారు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కానీ హరిణి అనగానే లేడి ఎంతమందికి గుర్తొస్తుంది? అది ఇంట్లో వాళ్ళకి మాత్రమే తెలిసిన చుట్టరికంగా ఉండిపోతుంది. అలా చాటుగా ఉన్న కలయికని నేను లెక్కలోకి తీసుకోను. అందరికీ కనపడేది ఒక్కటే ఉండాలి.

ఇక మీ అమ్మగారి మాట. హరిణిలో "హరి" అన్న శబ్దం పలుకుతుంది, నరసింహస్వామి హరే కదా. అర్థం లేడి అయినా పిలుపులో స్వామి ఉన్నాడని చెప్పండి. ఆమెకి అది చాలకపోతే చెవిలో చెప్పే పేర్లలో నరసింహస్వామి పేరు పెట్టుకోవచ్చు. అప్పుడు మాత్రం ఇద్దరికీ పెట్టండి, ఒకరికే పెట్టి ఇంకొకరిని వదలొద్దు.

కాగితాల దగ్గర

21వ రోజుకి టెన్షన్ పడకండి. జనన నమోదు 21 రోజుల్లో చేయించాలన్నది నిజమే కానీ పేరు అప్పుడే రాయించి తీరాలని లేదు. పేరు లేకుండా నమోదు చేయించి, ఏడాదిలోపు ఎప్పుడైనా రుసుం లేకుండా పేరు చేర్చుకోవచ్చు. ఆ తర్వాత కూడా పదిహేనేళ్ళ దాకా రుసుం కట్టి చేర్చుకోవచ్చు. మరీ అంతవరకు లాగకండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్ళకి బడికైనా పాస్‌పోర్టుకైనా ఆ సర్టిఫికెట్టే ఆధారం. ఇంట్లో ఏకాభిప్రాయం రాకపోతే ఒకట్రెండు నెలలు ఆగి పేరు చేర్చినా ఏం మునిగిపోదు. తొందరపడి రాయించాక మార్పించడమే కష్టం.

ఇద్దరూ ఆడపిల్లలైన కవలలైతే రెండు సర్టిఫికెట్లలో నమోదు సంఖ్య, పేరు తప్ప మిగతాదంతా ఒకటే ఉంటుంది. తల్లి, తండ్రి, తేదీ, చోటు, చిరునామా అన్నీ అవే. ఆధార్‌లో కూడా అయిదేళ్ళు నిండేదాకా వేలిముద్రలు తీసుకోరు, ఫోటోనే. కవలల ఫోటో ఎంత పనికొస్తుందో మీకే తెలుసు. అంటే అయిదేళ్ళపాటు మీ ఇద్దరు పిల్లల మధ్య గోడ ఏదైనా ఉందంటే అది పేరే.

అందుకని ఇంగ్లీషు స్పెల్లింగులో కూడా చూసుకోండి. HARIKA, HARINI అని ఒకదాని కింద ఒకటి రాయండి. ఆరక్షరాల్లో మొదటి నాలుగూ ఒకటే. పేర్ల జాబితాలో అవి ఎప్పుడూ పక్కపక్కనే పడతాయి. HAMSA, HARINI కూడా పక్కపక్కనే పడొచ్చు, కానీ మూడో అక్షరం దగ్గరే విడిపోతాయి, పొడవు కూడా వేరు. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. హారిణి, హరిణి రెండింటికీ ఇంగ్లీషులో ఒకటే స్పెల్లింగు. మీరు హరిణి అని పెట్టినా ఎవరో ఒకరు హారిణి అని చదివి తెలుగులో అలాగే రాసేస్తారు. తెలుగు రాసిన ప్రతి కాగితంలో ఆ దీర్ఘం లేదని సరిచూసుకోవడం మీ పని. హంసని HAMSA అనాలా, HANSA అనాలా అన్నది కూడా మొదటి రోజే తేల్చి, చివరిదాకా అదే వాడండి.

చివర మూడో బిడ్డ సంగతి. మీరు ఇంకో బిడ్డ అనుకోకపోవచ్చు, అయినా చెబుతాను. సూర్య, చంద్ర లాంటి జత పెడితే తలుపు మూసేసినట్టే. మా వీధిలో అలా పెట్టుకున్నాక నాలుగేళ్ళకి పాప పుట్టింది. ఆ పిల్లకి తార అని పెట్టారు. పేరు బంగారంలాంటిదే, కానీ "సూర్యచంద్రులకి తోకచుక్క" అని ఆ పిల్లని ఏడిపించని వాళ్ళు లేరు. హంస, హరిణి తర్వాత మీరు ఏ పేరైనా పెట్టుకోవచ్చు, ఇబ్బంది రాదు.

పేరు పెట్టే రోజున కార్డు కొట్టిస్తారు కదా. ప్రెస్సు వాళ్ళు వాళ్ళంతట వాళ్ళే మధ్యలో అడ్డగీత పెట్టి "హంస-హరిణి" అని ఒకే పెద్ద అక్షరాల్లో వేసేస్తారు, కింద రెండు బాతుబొమ్మలు కూడా. ప్రూఫ్ చూసేటప్పుడు రెండు పేర్లనీ రెండు వరసల్లో వేయమని చెప్పండి. బియ్యంలో పేరు రాయడానికి కూడా రెండు పళ్ళేలు పెట్టించండి, మా తమ్ముడి ఇంట్లో ఒకే పళ్ళెంలో రాస్తే రెండో పేరుకి చోటు చాలక చివరి అక్షరం అంచు మీదికి పోయింది.